గాజు డోమ్ చెవులు, లోహపు నాలుకలు

మరచుట్టుంటే సరిపోయేదానికి బల్బుకు ఆ రెండు పిన్నులెందుకు అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. జవాబు చెప్పడానికి బల్బు కంటే, మా వరండా కప్పుకు ఉన్న గాజు డోమ్ బాగా పనికొచ్చింది.

పిన్నులతో తిప్పి బిగించే ఈ పద్ధతికి బాయ్‌నెట్ అన్న పేరు తుపాకీ నుంచి వచ్చింది. 17వ శతాబ్దం చివర్లో బాయ్‌నెట్‌ను గొట్టం లోపల కుక్కడం మానేసి, గొట్టం మీదుగా తొడిగి, వంపు తిరిగిన గాడిలో తిప్పి బిగించడం మొదలుపెట్టారు. బల్బుల కాలానికి అమెరికాలో ఎడిసన్ మరచుట్టును పట్టుకున్నాడు, ఇంగ్లండులో పిన్నులు నిలదొక్కుకున్నాయి. 1883లో ఎడిసన్ కంపెనీ, ఇంగ్లండు స్వాన్ కంపెనీ బ్రిటన్‌లో ఒకటయ్యాయి, అయినా రెండు పద్ధతులూ నిలిచాయి. మనకు 22 మిల్లీమీటర్ల పిన్ను బల్బు బ్రిటిష్ వాళ్ళతో వచ్చింది. నా ఓటు పిన్నుకే. మరచుట్టు అదురుకు మెల్లగా వదులవుతుంది, పిన్ను వదలదు.

ఎందుకు వదలదో డోమ్‌లో కళ్ళారా చూడొచ్చు. మా డోమ్ మెడ లోపలివైపు మూడు గాజు చెవులున్నాయి, మూసలో గాజుతోపాటే పోతపోసినవి. కప్పుకు బిగించిన అల్యూమినియం బేస్ ఆ మెడలోకి దూరుతుంది. దాని అంచున మూడు నాలుకలు బయటికి పొడుచుకుని ఉంటాయి. డోమ్‌ను పైకెత్తితే చెవులు నాలుకల మధ్య ఖాళీల్లోంచి పైకి పోతాయి. తిప్పితే నాలుకల మీదికెక్కుతాయి. నాలుక మీద చిన్న ఏటవాలు, దాని చివర ఒక గుంట. చెవి ఏటవాలు ఎక్కి గుంటలోకి దిగుతుంది. డోమ్ బరువు, పైనున్న రబ్బరు వాషర్ ఒత్తిడి రెండూ దాన్ని కిందికే నొక్కుతాయి కాబట్టి అదురు ఎంత వచ్చినా చెవి గుంట దాటి రాదు.

తీసేటప్పుడు అంచులు పగలడానికి కారణం కూడా ఆ గుంటే. ముందు పైకి నొక్కకుండా తిప్పితే చెవి గుంట గోడకు అడ్డంగా తగిలి ఆగిపోతుంది. మనం బలం పెంచుతాం, ఆ బలమంతా గోరంత గాజు మీద పడుతుంది. గాజు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. దాని పైన కంటికి కనబడని గీతలుంటాయి. లాగుడు వాటి కొనల దగ్గర ఎన్నో రెట్లవుతుంది. గాజు బలహీనతకు ఇలాంటి గీతలే కారణమని ఇంజినీరు గ్రిఫిత్ 1921లో చూపించాడు. అంచున గీతలు ఎక్కువ, అందుకే పెచ్చు ఎగిరేది అక్కడే.

వేడి రెండో చిక్కు. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం బేస్ 50 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.115 మిల్లీమీటరు పెరుగుతుంది. అంతే వెడల్పున్న గాజు మెడ 0.045 మాత్రమే. తేడా కాగితం మందం కంటే తక్కువే. కానీ సున్నం చారలు, గట్టిపడిన వాషర్ ఉన్న సందులో అది చాలు, పట్టేస్తుంది. లైటు ఆర్పి అరగంట ఆగితే అదే వదులుతుంది.

ఇక డోమ్ తీయడానికి మెయిన్ ఆపి, కళ్ళు అంచుకు సమానంగా వచ్చేంత ఎత్తున, కదలని స్టూలు మీద నిలబడండి. అంచు మీదా బేస్ మీదా ఒకే చోట పెన్సిలు గీత పెట్టుకోండి. రబ్బరు గ్లవ్స్ వేసుకుని రెండు అరచేతులూ ఎదురెదురుగా ఆనించండి. ఒకవైపే పట్టుకుంటే డోమ్ వాలి, మూడు చెవుల బరువు ఒక్కదాని మీద పడుతుంది. ఇప్పుడు సమంగా పైకి నొక్కండి. వాషర్ కొద్దిగా అణగడం చేతికి తెలుస్తుంది. అలా నొక్కి ఉంచే ఎడమవైపుకు, అంటే కింద నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పండి. మాదానికి గీతలు రెండు వేళ్ళ వెడల్పు దూరం జరిగేసరికి చెవులు ఖాళీల్లోకి వచ్చాయి. అప్పుడే కిందికి దించాలి.

కదలకపోతే వినండి. రబ్బరు సాగే మూలుగు వినిపిస్తే పరవాలేదు, కాస్త అటూ ఇటూ ఆడించండి. కిర్రుమన్న పొడి శబ్దం వస్తే చెవి లోహాన్ని గీకుతోందన్నమాట. ఆగి మళ్ళీ పైకి నొక్కండి. సున్నం పట్టుకుని ఉంటే దాన్ని బ్లేడుతో గీకండి, బ్లేడు మొన కప్పువైపు, లోహం మీదే నడవాలి. గాజు మీద పడ్డ ప్రతి గీత కొత్త పగులుకు మొదలు. సందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఇప్పుడు ఎల్‌ఈడీ ప్యానెళ్ళకు ప్లాస్టిక్ మూతలు, నొక్కితే ఊడే క్లిప్పులు వచ్చాయి. పాత ఇళ్ళలో గాజు డోమ్‌లు ఇంకా ఉన్నాయి. మీ డోమ్ అంచున గవ్వ ఆకారంలో చిన్న పెచ్చు మాత్రమే పోయి ఉంటే, నీళ్ళు తడిపిన సన్నటి గరుకు కాగితంతో నునుపు చేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. పెచ్చు నుంచి గీత ఒకటి లోపలికి సాగి ఉన్నా, చెవి విరిగినా, దాన్ని మళ్ళీ తల మీద వేలాడదీయకండి.