ఇంగ్లీషు పాఠంలోని అర కప్పు బ్లీచు మన పురుగుల ఇంటికి ఎంత?

పురుగుల గది మందుతో కడగడం గురించి ఇంగ్లీషులో ఉన్న ఒక పాఠాన్ని పోయిన నెల మన గుంపులో ఒకరు పంపినారు. అమెరికాలో సరదాకి నాలుగు తట్టల పురుగులు మేపుకునేవాళ్ళ కోసం రాసింది అది. పాఠం చక్కగానే ఉంది. తెలుగులో పెట్టమని పది మంది అడిగినారు. సరే అని కూర్చున్నాము. అయితే మాటకు మాట తెలుగులో పెట్టేస్తే మన పంటకే ఎసరు వస్తుందని రెండో వాక్యంలోనే తెలిసిపోయింది.

ఆ వాక్యం ఇది: ఒక గాలన్ నీళ్ళకు అర కప్పు బ్లీచు కలిపి గదంతా తుడవండి.

గాలన్‌తోనే మొదటి తంటా. అమెరికా గాలన్ అంటే 3.785 లీటర్లు. బ్రిటిషు వాళ్ళ గాలన్ 4.546 లీటర్లు. మన పాత పుస్తకాలలో కనిపించేది ఈ రెండోది. పాఠం ఏ దేశానిదో చూడకుండా లెక్క వేస్తే ఇక్కడే అయిదో వంతు తేడా వస్తుంది. వాళ్ళ కప్పు కూడా మనం కాఫీ తాగే కప్పు కాదు, 237 మిల్లీ లీటర్ల కొలత. అంటే వాళ్ళు చెప్పేది సుమారు 3.8 లీటర్ల నీళ్ళకు 118 మిల్లీ లీటర్ల బ్లీచు. ఇంతవరకు బడి లెక్కే, ఎవరైనా చేస్తారు.

అసలు చిక్కు బ్లీచు అనే మాటలో ఉంది. వాళ్ళది సీసాలో వచ్చే నీళ్ళ మందు. అందులో పనిచేసే క్లోరిన్ సుమారు 5 శాతం. మన అంగడిలో బ్లీచింగ్ అంటే సంచిలో వచ్చే తెల్ల పొడి. మంచి పొడి అయితే అందులో క్లోరిన్ 30 శాతం దాకా ఉంటుంది. పేరు ఒకటే, బలం ఆరింతలు తేడా. అందుకని కప్పులు, గాలన్లు పక్కన పెట్టి, చివరికి పిచికారీ నీళ్ళలో క్లోరిన్ ఎంత పడుతుందో అదొక్కటే చూసినాము.

వాళ్ళ లెక్కలో 3.8 లీటర్లకు 118 మిల్లీ లీటర్లు అంటే నూటికి మూడు పాళ్ళ మందు. అందులో క్లోరిన్ 5 శాతమే కాబట్టి తయారైన నీళ్ళలో సుమారు 0.15 శాతం. మనకు రేష్మ శాఖ వాళ్ళు చెప్పే కొలత 2 శాతం బ్లీచింగ్ పొడి, దానికి 0.3 శాతం సున్నం. పొడిలో 30 శాతం క్లోరిన్ ఉంటే నీళ్ళలో 0.6 శాతం పడుతుంది. ఇంగ్లీషు పాఠం కొలత మన కొలతలో నాలుగో వంతు మాత్రమే అన్నమాట.

వాళ్ళు తప్పు చెప్పినారా అంటే, కాదు. వంటగది బల్ల, ప్లాస్టిక్ డబ్బా తుడుచుకోవడానికి అది చాలు. మన ఇంట్లో ఏడాదికి నాలుగైదు పంటలు లేస్తాయి. గోడ సందుల్లో, చంద్రికల అల్లికలో, నేల పగుళ్ళలో పాలరోగం పురుగు నుంచి కారిన పాలు ఎండి దుమ్ములా ఉండిపోతుంది. ఆ రోగ క్రిమి చుట్టూ గట్టి గూడు ఒకటి ఉంటుంది. ఘాటైన సున్నపు గుణానికి ఆ గూడు కరుగుతుంది, లోపల ఉన్నదాన్ని క్లోరిన్ చంపుతుంది. మన కొలతలో సున్నం ఎందుకు కలుపుతారో ఇప్పుడు అర్థమవుతుంది. ఇంగ్లీషు పాఠంలో సున్నం మాటే లేదు.

ఇంకోచోట అదే పాఠంలో తట్టల కింద లైమ్ చల్లమని ఉంది. లైమ్ అంటే నిమ్మకాయ కూడా అవుతుంది, అది నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ అక్కడి తోటమాలులు లైమ్ అని ఎక్కువగా వాడేది సున్నపురాయి పొడి. అది నేలలో పులుపు తగ్గించడానికి పనికొస్తుంది గాని రోగాన్ని చంపదు. మనకు కావలసింది కాల్చిన సున్నాన్ని నీళ్ళు చల్లి విరగగొట్టిన పొడి సున్నం. కాబట్టి తెలుగులో సున్నం అని ఊరకే రాయకుండా, విరిసిన సున్నం అని రాసినాము.

ఇప్పుడు మన ఇంటికి లెక్క వేద్దాం. 50 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న షెడ్డు అనుకోండి. నేల 1,000 చదరపు అడుగులు. చదరపు మీటరుకు 2 లీటర్లు అంటే చదరపు అడుగుకు 185 మిల్లీ లీటర్లు పడుతుంది. మొత్తం 185 లీటర్లు. బయటి గోడ, గడప చేర్చి 200 లీటర్లు, అంటే ఒక డ్రమ్ము, పెట్టుకుంటే సరిపోతుంది. దానికి బ్లీచింగ్ పొడి 4 కిలోలు, విరిసిన సున్నం 600 గ్రాములు. మా పక్క పొడి కిలో 45 రూపాయలు పడింది, సున్నం 20 రూపాయల లోపే. అంతా కలిపి 200 రూపాయలు.

ఇదే క్లోరిన్ సీసా మందుతో రావాలంటే 5 శాతం మందు 24 లీటర్లు పోయాలి. లీటరు 40 రూపాయలు వేసుకున్నా 960 రూపాయలు. ఇంగ్లీషు పాఠంలో డాలర్లలో ఉన్న ధరను రూపాయల్లోకి మార్చడం మేము మానేసినాము. ఆ ధరకు ఇక్కడ ఎవరూ కొనరు. మన అంగడి ధర వేస్తేనే ఏది కొనాలో తెలుస్తుంది.

ఇంకొక పొరపాటు మన గుంపులోనే కనిపించింది. ఒక రైతు 2 శాతం అన్న మాట పట్టుకుని 100 లీటర్లకు 2 లీటర్లు సీసా మందు పోసినాడు. శాతం సరిగానే ఉంది, కానీ పొడి శాతాన్ని నీళ్ళ మందుకు వేసినాడు. క్లోరిన్ 0.1 శాతమే పడింది. అయిదో దశలో తట్టల అంచుల మీద పసుపు తేలి, పాలు కారే పురుగులు కనిపించినాయి. పాలరోగానికి వేరే కారణాలూ ఉంటాయి గాని, ఆ ఇంటికి మందు తగలనట్టే లెక్క.

కలిపే పద్ధతి: సున్నం, పొడి రెండూ కొంచెం నీళ్ళతో ప్లాస్టిక్ బక్కెట్టులో పేస్టులా కలపండి. తర్వాత డ్రమ్ము నీళ్ళలో పోసి బాగా తిప్పి, పది నిమిషాలు తేరుకోనివ్వండి. పైన తేలిన నీళ్ళే పిచికారీకి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. ఆ రోజు కలిపింది ఆ రోజే కొట్టేయాలి. ముందు ఇల్లు ఊడ్చి కడగాలి, ఎందుకంటే ఆకు ముక్కలు, పురుగు పెంట ఉంటే క్లోరిన్ వాటికే ఖర్చయిపోతుంది. చాకీ పురుగులు రావడానికి రెండు మూడు రోజుల ముందు కొట్టండి. మూతికి గుడ్డ, చేతికి గ్లౌజులు ఉండాలి. యాసిడ్ గాని, ఫార్మాలిన్ గాని దీంతో కలపవద్దు. ఇనుప స్టాండ్లు తుప్పు పడతాయి కాబట్టి వాటికి క్లోరిన్ డయాక్సైడ్ మందును దాని డబ్బా మీద ఉన్న కొలతతో వాడుకోవడం మేలు.

పొడి సంచి తెరిచి నెలలు అయితే 30 శాతం ఉండదు. గడ్డకట్టి, ముక్కుకు ఘాటు తగలకుండా ఉంటే ఆ పొడితో ఈ లెక్క చెల్లదు. కొత్త సంచి తెచ్చుకోండి, వాడినంత వాడి మూతి గట్టిగా కట్టి తేమ లేనిచోట పెట్టండి.

పాఠంలో మిగిలిన కొలతలు తేలికే. గది వేడి 78 డిగ్రీలు అని ఉంది, అది ఫారన్‌హీట్. 32 తీసేసి, 5తో గుణించి, 9తో భాగిస్తే మన థర్మామీటరులో సుమారు 25.6 వస్తుంది. అయిదో దశకు అది కొంచెం ఎక్కువే, 24 దగ్గర ఉంచుకోండి. సున్నం చల్లడం, ఆకు కోత గురించిన భాగం వచ్చే వారం పెడతాము.