సంస్థాగత విక్రయాలలో బ్రాండు వ్యూహం

ఒక వ్యాపారసంస్థ తన సరకును ఇతర సంస్థలకు అమ్మేటప్పుడు, కొనేవారిలో తన పేరు పట్ల నమ్మకం కలిగించడానికి అనుసరించే పద్ధతిని సంస్థాగత విక్రయాలలో బ్రాండు వ్యూహం అంటారు. సబ్బు కొనాలనే నిర్ణయం ఒక వ్యక్తిది, క్షణాలలో ముగుస్తుంది. ఆసుపత్రికి సీటీ స్కానర్ కొనాలనే నిర్ణయం ఒక కమిటీది, నెలల తరబడి సాగుతుంది.

కొనుగోలు బృందం

ఇటువంటి బృందంలో ఐదు పాత్రలు ఉంటాయని ఫ్రెడరిక్ వెబ్‌స్టర్, యోరమ్ విండ్ అనే ఆచార్యులు 1972లో వివరించారు. వారు వాడేవారు, సలహాలతో ప్రభావితం చేసేవారు, నిర్ణయించేవారు, బేరసారాలు నడిపేవారు, సమాచారాన్ని లోపలికి రానిచ్చే లేదా ఆపివేసే "ద్వారపాలకులు". ఒకే వ్యక్తి రెండు పాత్రలు పోషించవచ్చు.

పై ఆసుపత్రినే తీసుకుందాం. రేడియాలజిస్టుకు చిత్రం స్పష్టత ముఖ్యం. యంత్రం చెడిపోతే ఎన్ని గంటలలో మెకానిక్ వస్తాడన్నది ఇంజనీరు చింత. పదేళ్లలో మరమ్మతులకు, విడిభాగాలకు ఎంతవుతుందో ఆర్థికాధికారి లెక్క వేస్తాడు. రేపు ఏదైనా తేడా వస్తే "ఈ కంపెనీని ఎందుకు ఎంచుకున్నారు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసింది సూపరింటెండెంటు. "ఐబీఎం యంత్రం కొన్నందుకు ఎవరి ఉద్యోగమూ పోలేదు" అని కంప్యూటరు వ్యాపారంలో ఒకప్పుడు చెప్పుకున్న మాట ఈ భయం నుండి పుట్టినదే.

బ్రాండు పనిచేసే చోటు

కమిటీ చర్చించే గదిలోకి అమ్మకందారుకు ప్రవేశం ఉండదు. అక్కడ అతని తరపున మాట్లాడేది రేడియాలజిస్టు కావచ్చు. కాని ఆయనకు చిత్రం గురించి తెలుసు గాని ఖర్చు లెక్క తెలియదు. కనుక ఒక్క కరపత్రంతో సరిపెట్టకుండా, ఆయన ఇతరులకు అందించగలిగే కాగితాలు సిద్ధం చేయాలి. ఇంజనీరుకు సర్వీసు ఒప్పందం, ఆర్థికాధికారికి పదేళ్ల ఖర్చు పట్టిక, సూపరింటెండెంటుకు ఇదే యంత్రాన్ని వాడుతున్న ఆసుపత్రుల చిరునామాలు ఇవ్వాలి. వీటన్నిటిలోనూ చెప్పే ప్రధాన విషయం ఒకటే ఉండాలి, ఉదాహరణకు "యంత్రం ఆగదు" అన్నది. డాక్టరుకు "అత్యుత్తమం" అనీ ఆర్థికాధికారికి "అతి చవక" అనీ చెబితే, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు గుట్టు బయటపడుతుంది.

ఒక్కరినే నమ్ముకోవడం మరొక పొరపాటు. ఏడెనిమిది నెలలలో ఆ డాక్టరు బదిలీ అయితే, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

వైఫల్యాన్ని గుర్తించడం

పోటీలో ఓడిపోవడం కంటే అసలు పిలుపు రాకపోవడమే పెద్ద లోపం. అమ్మకాల లెక్కలలో అది కనబడదు. గడువుకు రెండు రోజుల ముందు కొటేషను అడిగి, అందులోని సాంకేతిక వివరాలు పోటీదారు యంత్రానికి అచ్చంగా సరిపోతుంటే, మూడు కొటేషన్ల లెక్క పూర్తి చేయడానికే పిలిచారని అనుమానించవచ్చు. ఆ కంపెనీ పేరు వివరాలు రాయక ముందే కమిటీకి తెలిసి ఉండవలసింది.

పరిమితులు

సాంకేతికంగా అర్హత పొందినవారిలో తక్కువ ధర చెప్పినవారికే ఇచ్చే ప్రభుత్వ టెండర్లలో, ధరల కవరు తెరిచాక బ్రాండుకు విలువ ఉండదు. టెండరుకు ముందు, ఏ అర్హతలు అడగాలో నిర్ణయించే దశలో మాత్రమే కొంత ప్రభావం ఉంటుంది.