ఇంటి మరమ్మతుకు దాచిన సొమ్మా, అప్పా?

గుంటూరులో ఇరవై ఏళ్ల డాబా ఇల్లు ఒకటి అనుకుందాం. వానొస్తే స్లాబు కారుతుంది, బాత్రూం గోడలు చెమ్మెక్కాయి, వైరింగు మార్చాలి. ఇద్దరు కాంట్రాక్టర్లను అడిగితే ఒకరు 4.8 లక్షలన్నారు, మరొకరు 6 లక్షలన్నారు. మొదటాయన కాగితం చివర ‘జీఎస్టీ అదనం’ అని ఉంది. 18 శాతం కలిపితే అది 5.66 లక్షలకు చేరింది. పాత టైల్స్ పగలగొట్టి చెత్త తోలించడం, గోడలోని పైపులు మార్చడం అందులో లేనే లేవు. రెండో కొటేషన్‌లో అన్నీ ఉన్నాయి. కాబట్టి అసలు ఖర్చు 6 లక్షలు.

ఆ ఇంటాయనకు బ్యాంకులో 9 లక్షల ఎఫ్‌డీలున్నాయి, వడ్డీ 7 శాతం. మరమ్మతుకు బ్యాంకు అప్పు 9.5 శాతానికి, ఐదేళ్లకు దొరుకుతుంది. ఈఎంఐ నెలకు సుమారు 12,600. ఐదేళ్లలో కట్టే వడ్డీ 1.56 లక్షలు. ఎఫ్‌డీలో 6 లక్షలను కదపకపోతే వచ్చే వడ్డీ దాదాపు 2.49 లక్షలు. చాలామంది ఇక్కడే ఆగి, అప్పు తీసుకుంటేనే 93 వేలు లాభమని తేల్చేస్తారు.

ఈ లెక్కలో ఈఎంఐ ఎక్కడి నుంచి వస్తోందో చూడలేదు. అది జీతంలోంచి పోతోంది. ఎఫ్‌డీ తీసి పని చేయిస్తే ఆ 12,600 నెలనెలా చేతిలోనే మిగులుతుంది. దాన్ని అదే 7 శాతానికి రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఐదేళ్లకు సుమారు 9 లక్షలవుతుంది. అప్పు దారిలో చివరికి మిగిలేది ఎఫ్‌డీ 8.49 లక్షలే. అంటే సొంత సొమ్ము వాడటమే 50 వేలు మేలు. డిపాజిట్ వడ్డీపై 20 శాతం పన్ను పడేవారికి తేడా ఇంకా పెరిగి 75 వేలు దాటుతుంది. పాత పన్ను విధానంలో సొంతింటి మరమ్మతు అప్పు వడ్డీకి ఏడాదికి 30,000 దాకా మినహాయింపు ఉన్నా, ఈ శ్లాబులో మిగిలేది ఏటా 6 వేల చిల్లర. తేడా పూడదు.

అయితే ఎఫ్‌డీని మధ్యలో విరిస్తే చాలా బ్యాంకులు వడ్డీ కోస్తాయి. గడువు కొద్ది నెలల్లోనే ఉంటే దాన్ని విరవకుండా, దానిమీదే అప్పు తీసుకోవడం నయం. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, గడువు తీరగానే తీర్చేయొచ్చు. ఇక ఉన్న సొమ్మంతా ఇంటికే ఊడ్చి పెట్టకూడదు. గోడ పగలగొట్టాక బయటపడే పనులకు కొటేషన్‌పై పది శాతం, ఇంటి ఖర్చులకు ఆరు నెలల మొత్తం పక్కన ఉంచాలి. అవి తీసేశాక చాలకపోతే, ఆ తగ్గిన మేరకే అప్పు చేయండి. ఎఫ్‌డీ తీసినవారు మాత్రం పని పూర్తయిన మరుసటి నెల నుంచే ఆ 12,600 ఖాతాలోంచి దానంతటదే ఆర్‌డీకి వెళ్లేలా బ్యాంకులో రాసివ్వండి. అలా చేయకపోతే పైన చెప్పిన లాభం చేతికి రాదు.