గట్టిదనం ఉన్నా భావప్రాప్తి లేకపోతే

అంగం బాగానే గట్టిపడుతుంది, కోరికా ఉంటుంది. కానీ ఎంతసేపైనా భావప్రాప్తి కలగదు. చాలామంది దీన్ని మగతనం లోపమనుకుని వయాగ్రా కొనుక్కుంటారు. ఆ మాత్ర అంగానికి రక్తప్రసరణ పెంచుతుందే తప్ప భావప్రాప్తిని తెప్పించదు.

డిప్రెషన్‌కు సెర్ట్రలిన్ వాడుతున్న 35 ఏళ్ల వ్యక్తిని ఊహించుకోండి. మందు మొదలైన కొన్ని వారాలకు ఈ ఇబ్బంది వచ్చింది. సెర్ట్రలిన్, పారోక్సెటిన్ వంటి మందులు మెదడులో సెరటోనిన్ ప్రభావాన్ని పెంచుతాయి. అదే భావప్రాప్తిని ఆలస్యం చేస్తుంది, ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తుంది.

కారణం మందా, మనసా? డాక్టరు అడిగే ముఖ్యమైన ప్రశ్నలు రెండు: ఎప్పుడు మొదలైంది? హస్తప్రయోగంలోనూ ఇలాగే ఉందా? మందు వేసుకోవడం మొదలుపెట్టాక వచ్చి, అన్ని సందర్భాల్లోనూ ఉంటే ముందు మందునే అనుమానించాలి. ఒంటరిగా ఉన్నప్పుడు సాఫీగా జరిగి, భార్య దగ్గర మాత్రమే ఆగిపోతుంటే ‘అవుతుందో లేదో’ అన్న ఆందోళన కారణం కావచ్చు. మనసు స్పర్శను వదిలి పరీక్ష మీదికి పోతుంది.

మందే కారణమైతే డాక్టరు మోతాదు తగ్గించవచ్చు, లేదా బుప్రోపియాన్ వంటి వేరే మందుకు మార్చవచ్చు. ఆందోళనైతే దంపతులిద్దరికీ కౌన్సెలింగ్ మేలు చేస్తుంది. మందును మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. తలతిరుగుడు, నిద్రలేమి రావచ్చు, డిప్రెషన్ తిరగబెట్టవచ్చు. సిగ్గుపడకుండా మందు రాసిన డాక్టరుకే చెప్పండి.