పంట బీమా కంపెనీకి ఉత్తరం: తేదీలే రైతు పక్షాన మాట్లాడాలి

బీమా డబ్బు రాలేదని రైతు రాసే ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోడు ఉంటుంది. వడ్డీలు పెరిగిపోతున్నాయని, పిల్లల ఫీజులు కట్టలేదని, దయ చూపమని రాస్తారు. అదంతా నిజమే. కానీ అవతల కూర్చున్న ఉద్యోగి ఫైలు తీసి చూడాలంటే ఆయనకు కావలసింది దరఖాస్తు నంబరు, నాలుగైదు తేదీలు. పరిహారం చెల్లించడం కంపెనీ మనకు చేసే సాయం కాదు. అది ప్రీమియం తీసుకున్నప్పుడు ఒప్పుకున్న బాధ్యత, దానికి గడువులున్నాయి. ఆ గడువు ఎక్కడ దాటిందో చూపించేదే మంచి ఉత్తరం.

కృష్ణా డెల్టాలో తరచూ జరిగేదే తీసుకుందాం. వరి కోసి పనల మీద ఉండగా వాన పడింది. రెండు రోజులు నీళ్లలో నానిన పనల్లో గింజ మొలకెత్తింది, మిగిలినది రంగు మారింది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో మామూలుగా నష్టాన్ని ఊరు మొత్తానికీ కలిపి లెక్కిస్తారు. ఊళ్లో పంట కోత ప్రయోగాలు చేసి, సగటు దిగుబడి తగ్గితేనే అందరికీ పరిహారం ఇస్తారు. కోత తర్వాతి నష్టం మాత్రం వేరు. రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్‌లో ఆ రక్షణ ఉంటే, ఒక్క రైతు పొలంలో జరిగిన నష్టాన్ని కూడా విడిగా చూస్తారు. తుపాను, అకాల వర్షం, వడగళ్లు దీని కిందికి వస్తాయి.

అయితే దీనికి షరతులున్నాయి. కోసిన రోజు నుంచి 14 రోజుల లోపు జరిగిన నష్టమే లెక్క. పంట ఆరబెట్టడానికి పొలంలో పరిచి ఉండాలి, లేదా చిన్న చిన్న కట్టలుగా ఉండాలి. కుప్ప వేసేశాక తడిస్తే వర్తించదు. నష్టం జరిగిన 72 గంటల్లో కంపెనీకో, బ్యాంకుకో, వ్యవసాయాధికారికో, 14447 హెల్ప్‌లైన్‌కో తెలియజేయాలి. అందుకే కోత తేదీ, వాన తేదీ, ఫిర్యాదు తేదీ ఉత్తరంలో మొదట ఉండాలి. ఈ మూడూ సరిగా ఉంటే క్లెయిమ్ అర్హత గురించి కంపెనీ పెద్దగా వాదించలేదు.

తర్వాత బాధ్యత కంపెనీది. ఫిర్యాదు అందిన 48 గంటల్లో నష్టం అంచనా వేసే మనిషిని నియమించాలి. 10 రోజుల్లో అంచనా పూర్తి కావాలి. సర్వే నివేదిక అందాక 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆ గడువు దాటి ఆలస్యం చేస్తే ఏడాదికి 12 శాతం వడ్డీ కలపాలని 2018లో సవరించిన మార్గదర్శకాలు చెప్పాయి. ఇవన్నీ మనసులో పెట్టుకుని రెండెకరాల రైతు ఒకరు ఉత్తరం రాస్తే ఇలా ఉంటుంది. ఇందులోని తేదీలు, అంకెలు ఉదాహరణకు మాత్రమే.

“గౌరవనీయులైన క్లెయిమ్స్ విభాగం అధికారి గారికి,

విషయం: 2025 ఖరీఫ్ వరి, కోత తర్వాతి నష్టం, పరిహారంలో ఆలస్యం.

అయ్యా, నా దరఖాస్తు నంబరు, పాలసీ నంబరు, ఫిర్యాదు నంబరు పైన రాశాను. రెండెకరాల వరికి ఎకరాకు 40,000 రూపాయల చొప్పున 80,000 రూపాయలకు బీమా ఉంది. ప్రీమియం రసీదు నకలు జతచేశాను. నవంబర్ 20న కోత కోశాను. 24న వాన పడి, ఎకరంన్నరలో పనలు నీట మునిగాయి. 25న 14447కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డిసెంబర్ 1న మీ ప్రతినిధి, మండల వ్యవసాయ శాఖ సిబ్బంది నా సమక్షంలో పొలం చూశారు. ఎకరంన్నరలో 40 శాతం నష్టమని రాసిన సర్వే పత్రంపై ముగ్గురం సంతకాలు చేశాం. దాని ఫొటో జతచేశాను.

ఆ లెక్కన నాకు 24,000 రూపాయలు రావాలి. సర్వే నివేదిక అదే రోజు అందిందనుకుంటే డిసెంబర్ 16కు చెల్లించి ఉండాల్సింది. ఇవాళ ఫిబ్రవరి 20. దయచేసి ఈ మూడు విషయాలు రాతపూర్వకంగా తెలపండి. సర్వే నివేదిక మీ కార్యాలయానికి ఏ రోజు అందింది, ఎంత మొత్తం ఆమోదించారు? ప్రభుత్వ ప్రీమియం వాటా అందక ఆగిందా? చెల్లింపు పంపి ఉంటే ఏ తేదీన, ఏ ఖాతాకు పంపారు? నిబంధనల ప్రకారం రావలసిన వడ్డీతో కలిపి పరిహారం చెల్లించగలరు.”

ఉత్తరం ఇంతే. 24,000 ఎలా వచ్చిందో చూడండి. ఎకరంన్నరకు బీమా మొత్తం 60,000, అందులో 40 శాతం. రైతే ఇలా లెక్క వేసి రాస్తే, కంపెనీ తక్కువ ఇచ్చినప్పుడు తేడా ఎక్కడుందో అడగడానికి ఆధారం దొరుకుతుంది. నా దృష్టిలో ఈ ఉత్తరానికి బలం చివరి మూడు ప్రశ్నలే. “డబ్బు ఎప్పుడిస్తారు” అని అడిగితే “ప్రాసెస్‌లో ఉంది” అనే జవాబొస్తుంది. ఏ మెట్టు దగ్గర ఆగిందని అడిగితే ఆ మెట్టు పేరు చెప్పక తప్పదు.

ఆ జవాబును బట్టే తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. ప్రభుత్వ వాటా అందలేదంటే కంపెనీ చుట్టూ తిరిగి లాభం లేదు, వ్యవసాయ శాఖను అడగాలి. డబ్బు పంపితే వెనక్కి వచ్చిందంటే తప్పు ఖాతాలో ఉండొచ్చు. ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్‌లో ఇంకో పేరు ఉండటం, ఖాతా వాడక మూతపడటం మన పల్లెల్లో మామూలే. అది బ్యాంకులో సరిచేయించుకుని మళ్లీ పంపమనాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదు కూడా చూసుకోవాలి. అక్కడి పంటకు, సర్వే నంబరుకు, బీమా దరఖాస్తులో ఉన్నవాటికి పొంతన లేకపోతే క్లెయిమ్ ఆగుతుంది. రైతు సేవా కేంద్రంలో నమోదు ప్రతి తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది.

అసలు సర్వే పత్రం నకలే లేని రైతు ఏం చేయాలి? మన దగ్గర ఎక్కువమంది పరిస్థితి ఇదే. పొలం చూసి వెళ్లిన తేదీ, వచ్చినవాళ్ల హోదాలు గుర్తున్నంత వరకు రాసి, నివేదిక నకలు ఇవ్వమనే మొదటి ఉత్తరంలో కోరాలి. నకలు చూడకుండా శాతాల మీద వాదించకూడదు. మనం అనుకున్న 40 శాతం, కాగితం మీద 25 కావచ్చు.

ఉత్తరాన్ని ఈమెయిల్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. ఒక ప్రతి జిల్లా వ్యవసాయాధికారికి, మరొకటి కలెక్టర్ కార్యాలయానికి ఇవ్వండి. పంట బీమా ఫిర్యాదులు చూసే జిల్లా స్థాయి కమిటీ కలెక్టర్ పరిధిలోనే ఉంటుంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ ఉంది. 5 లక్షల రూపాయల లోపు కేసులకు అక్కడ ఫీజు లేదు.

ఈ సీజన్‌లో బీమా కట్టిన ప్రతి రైతుకూ ఒక్క మాట. సర్వేకు వచ్చినవాళ్లు పొలం గట్టు దాటకముందే సంతకాలు చేసిన కాగితాన్ని, తేదీ కనిపించేలా, మీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.