ఒకే కరెంటు, రెండు జవాబులు

పాలిటెక్నిక్‌లోనో, బీటెక్ ఈసీఈలోనో చదివే పిల్లల ఆప్-ఆంప్ అసైన్‌మెంట్లలో తరచూ కనిపించే లెక్క ఒకటుంది. ఒక 741 ఐసీ, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 100 కిలో ఓమ్‌లది ఇంకొకటి, ఇన్‌పుట్‌గా 0.5 వోల్టు ఇస్తారు. ఈ సరంజామాతోనే మొదట ఇన్వర్టింగ్ సర్క్యూట్, తర్వాత నాన్-ఇన్వర్టింగ్ సర్క్యూట్ గీసి, రెండింటికీ గెయిన్, అవుట్‌పుట్ వోల్టేజి కనుక్కోమంటారు. మొదటిదాని గెయిన్ మైనస్ 10, అవుట్‌పుట్ మైనస్ 5 వోల్టులు. రెండోదాని గెయిన్ 11, అవుట్‌పుట్ 5.5 వోల్టులు. సూత్రాలు నోటికొచ్చినవాళ్లు అర నిమిషంలో రాసేస్తారు.

కానీ వస్తువులన్నీ అవే అయినప్పుడు ఒకచోట పది, ఇంకోచోట పదకొండు ఎందుకయ్యాయి? ఆ అదనపు ఒకటి ఎక్కడినుంచి వచ్చింది? ఈ లెక్కలో అసలు విషయమంతా అక్కడే ఉంది.

ముందు ఆ ఐసీ సంగతి చూద్దాం. 741ను 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ తెచ్చింది, రూపకర్త డేవ్ ఫుల్లాగర్. దానికి ఎనిమిది పిన్నులు. రెండో పిన్ను ఇన్వర్టింగ్ ఇన్‌పుట్, మూడోది నాన్-ఇన్వర్టింగ్ ఇన్‌పుట్, ఆరోది అవుట్‌పుట్. ఏడో పిన్నుకు ప్లస్ 15 వోల్టులు, నాలుగో పిన్నుకు మైనస్ 15 వోల్టులు ఇవ్వడం మామూలు పద్ధతి. లోపల అది చేసే పని ఒక్కటే: మూడో పిన్ను వోల్టేజిలోంచి రెండో పిన్ను వోల్టేజిని తీసేసి, మిగిలిన తేడాను సుమారు రెండు లక్షల రెట్లు పెంచి ఆరో పిన్నులో పెట్టడం.

రెండు లక్షల రెట్లు అంటే మనకు నేరుగా పనికొచ్చే అంకె కాదు. పైగా అది ఐసీ ఐసీకీ మారుతుంది, వేడెక్కితే మారుతుంది. డేటాషీట్ ప్రకారం ఇరవై వేలున్నా ఆ ఐసీ పనికొచ్చినట్టే. ఇలాంటి నిలకడలేని గెయిన్‌ను దారికి తెచ్చే ఉపాయం 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్‌కు తట్టింది. న్యూయార్క్‌లో ఆఫీసుకు ఫెర్రీలో వెళ్తూ, చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మీదే ఆయన దాన్ని గీసుకున్నాడు. అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, ఇన్‌పుట్‌కు ఎదురుగా పనిచేసేలా కలపాలి. అలా చేస్తే గెయిన్ బాగా తగ్గిపోతుంది, కానీ మిగిలిన గెయిన్ గట్టిగా నిలబడుతుంది. అదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. మన సర్క్యూట్లు రెండింట్లోనూ ఆరో పిన్ను నుంచి రెండో పిన్నుకు వెనక్కి వచ్చే 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ చేసే పని అదే.

దాని ఫలితం ఒక అంకెలో కనిపిస్తుంది. అవుట్‌పుట్ 5 వోల్టులు ఉండాలంటే రెండు, మూడు పిన్నుల మధ్య తేడా ఎంత ఉండాలి? ఐదును రెండు లక్షలతో భాగిస్తే 25 మైక్రోవోల్టులు. చేతిలో పట్టుకునే మల్టీమీటరుకు అది దాదాపు సున్నా. అందుకే పుస్తకాలు రెండు పిన్నుల వోల్టేజీ సమానమని అనుకోమంటాయి. ఆ మాట చెప్పి, ఎందుకు సమానమో చెప్పకపోవడం వల్లే చాలామందికి అది మంత్రంలా మిగిలిపోతుంది. ఆ సమానత్వం తనంతట తాను ఉండదు. అవుట్‌పుట్ పైకో కిందికో కదులుతూ, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ద్వారా రెండో పిన్నును లాగి మూడో పిన్నుతో సమానం చేస్తూ ఉంటుంది. కదలడానికి దానికి చోటున్నంతవరకే ఆ సమానత్వం. ఈ ఆఖరి మాట తర్వాత మనకు పనికొస్తుంది.

ఇప్పుడు ఇన్వర్టింగ్ సర్క్యూట్. మూడో పిన్ను గ్రౌండుకు కలిపి ఉంది, కాబట్టి సున్నా వోల్టు. రెండో పిన్నూ దాదాపు సున్నాయే. 0.5 వోల్టు ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా రెండో పిన్నుకు వస్తుంది. ఆ రెసిస్టర్ ఒక కొసన 0.5, ఇంకో కొసన సున్నా. అందులో పారే కరెంటు 50 మైక్రోఆంపియర్లు. ఐసీ పిన్నులోకి కరెంటు చెప్పుకోదగ్గంత పోదు. అందుకని ఆ 50 మైక్రోఆంపియర్లూ 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా అవుట్‌పుట్ వైపు వెళ్లాల్సిందే. వెళ్తూ 5 వోల్టులు పడిపోతాయి. సున్నా దగ్గర మొదలై 5 వోల్టులు పడితే చేరేది మైనస్ 5కి. సూత్రంగా రాస్తే:

Vout = −(Rf / R1) × Vin = −(100k / 10k) × 0.5 V = −5 V

నాన్-ఇన్వర్టింగ్‌లో ఇన్‌పుట్‌ను నేరుగా మూడో పిన్నుకు ఇస్తాం. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ రెండో పిన్ను నుంచి గ్రౌండుకు వెళ్తుంది. మూడో పిన్ను 0.5 వోల్టులో ఉంది కాబట్టి రెండోదీ అక్కడికే చేరుతుంది. 10 కిలో ఓమ్‌ల మీద మళ్లీ 0.5 వోల్టే, అందులో కరెంటు మళ్లీ 50 మైక్రోఆంపియర్లే. ఈసారి అది అవుట్‌పుట్ నుంచి బయల్దేరి, 100 కిలో ఓమ్‌లు దాటి, 10 కిలో ఓమ్‌లు దాటి గ్రౌండుకు చేరుతుంది. పెద్ద రెసిస్టర్ మీద 5 వోల్టులు, చిన్నదాని మీద 0.5. రెండూ కలిపి అవుట్‌పుట్ 5.5.

Vout = (1 + Rf / R1) × Vin = 11 × 0.5 V = 5.5 V

చూశారు కదా, రెండు సర్క్యూట్లలోనూ కరెంటు ఒక్కటే, పెద్ద రెసిస్టర్ మీద వోల్టేజీ ఒక్కటే. లెక్క మొదలయ్యే చోటే వేరు. ఇన్వర్టింగ్‌లో సున్నా నుంచి లెక్కపెట్టాం, నాన్-ఇన్వర్టింగ్‌లో ఇన్‌పుట్ వోల్టేజీ దగ్గర్నుంచి లెక్కపెట్టాం. ఆ అదనపు ఒకటి ఇన్‌పుట్టే. పొలంలో నీళ్లు తోడే ఏతాన్ని తలచుకుంటే ఇది కళ్లకు కడుతుంది. దూలానికి ఇరుసు నడుమ ఉండి, ఒక చెయ్యి పది అడుగులు, రెండోది వంద అడుగులు అనుకోండి. పొట్టి కొస అడుగు పైకి లేస్తే పొడుగు కొస పది అడుగులు కిందికి దిగుతుంది. అది ఇన్వర్టింగ్, ఇరుసు రెండో పిన్ను. అదే దూలాన్ని పొట్టి కొస దగ్గర బిగించి, అక్కడికి పది అడుగుల దూరంలో ఒక అడుగు పైకెత్తితే, అవతలి కొస పదకొండు అడుగులు పైకే లేస్తుంది. అది నాన్-ఇన్వర్టింగ్, బిగించిన చోటు గ్రౌండు.

ఐసీ సొంత గెయిన్ రెండు లక్షల నుంచి ఇరవై వేలకు పడిపోతే ఏమవుతుందని అడగాలి. లెక్క కట్టి చూస్తే ఇన్వర్టింగ్ అవుట్‌పుట్‌లో తేడా రెండున్నర మిల్లీవోల్టులే. హెరాల్డ్ బ్లాక్ కోరుకున్న నిలకడ అది. అసలు తేడా రెసిస్టర్లతో వస్తుంది. బంగారు రంగు గీత ఉన్న రెసిస్టర్ విలువ ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. పెద్దది ఐదు శాతం ఎక్కువై, చిన్నది ఐదు శాతం తక్కువైతే గెయిన్ 11.05 దాకా వెళ్తుంది, తిరగబడితే 9.05కి దిగుతుంది. ల్యాబ్‌లో మైనస్ 5కి బదులు మైనస్ 4.7 వచ్చిందని రికార్డులో అంకె దిద్దే పిల్లలున్నారు. దిద్దాల్సిన పనే లేదు. రెసిస్టర్లను విడిగా కొలిచి, ఆ విలువలతో గెయిన్ మళ్లీ కట్టి పక్కన రాస్తే, అది పాఠ్యపుస్తకం అంకెకన్నా ఎంతో విలువైన ఫలితం.

అసైన్‌మెంటులో రెండో ప్రశ్న సాధారణంగా ఇన్‌పుట్‌ను 2 వోల్టులకు పెంచుతుంది. సూత్రం ప్రకారం ఇన్వర్టింగ్ అవుట్‌పుట్ మైనస్ 20 వోల్టులు. అలా రాసి కింద రెండు గీతలు గీస్తే జవాబు తప్పు. సప్లై మైనస్ 15 అయినప్పుడు అవుట్‌పుట్ దాన్ని దాటి వెళ్లలేదు. 741లో అయితే అక్కడిదాకా కూడా రాదు, ఒక వోల్టో ఇంకాస్తో ఇవతలే ఆగిపోతుంది. మైనస్ 14 అనుకుందాం. ఇక కదలడానికి చోటు లేదు కాబట్టి, రెండో పిన్నును సున్నాకు లాగే శక్తీ దానికి లేదు. ఒక చివర ప్లస్ 2, ఇంకో చివర మైనస్ 14, మధ్యలో మొత్తం 110 కిలో ఓమ్‌లు. 16 వోల్టుల్లో పదకొండో వంతు, అంటే 1.45 వోల్టులు, చిన్న రెసిస్టర్ మీద పడుతుంది. రెండో పిన్ను 0.55 వోల్టు దగ్గర నిలబడుతుంది.

బ్రెడ్‌బోర్డు మీద దీన్ని పట్టుకోవడం తేలిక. మల్టీమీటరు పెట్టాల్సింది ఆరో పిన్ను మీదే కాదు, రెండు, మూడు పిన్నుల మధ్య కూడా. అక్కడ కొన్ని మిల్లీవోల్టులకు మించి కనబడితే సూత్రం ఇక వర్తించదని అర్థం. సైన్ వేవ్ ఇస్తే సీఆర్‌ఓలో శిఖరాలు కోసేసినట్టు చదునుగా కనబడతాయి. చెయ్యగలిగింది కూడా లెక్కతోనే తెలుస్తుంది: 14ను 10తో భాగిస్తే 1.4 వోల్టులు. ఇన్వర్టింగ్‌కు ఇన్‌పుట్ అంతకు మించకూడదు. నాన్-ఇన్వర్టింగ్‌కు 14ను 11తో భాగించాలి, అది 1.27. సప్లై సరిపోతున్నా అవుట్‌పుట్ ఒక అంచుకు అతుక్కుని ఇన్‌పుట్ మార్చినా కదలకపోతే, రెండు, మూడు పిన్నులు తారుమారయ్యాయేమో చూడాలి. అప్పుడు వెనక్కి వచ్చే భాగం ఇన్‌పుట్‌ను ఎదిరించదు, వంత పాడుతుంది. కాగితం మీద రెండు గుర్తులు మారినంత మాత్రాన గెయిన్ సూత్రం మారినట్టు కనబడదు, అందుకే ఇది కంటికి ఆనదు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, పరీక్షల్లో తక్కువగా అడిగేది ఒకటుంది. ఆ 50 మైక్రోఆంపియర్లను ఎవరిచ్చారు? నాన్-ఇన్వర్టింగ్‌లో ఐసీ అవుట్‌పుట్ ఇచ్చింది. ఇన్వర్టింగ్‌లో ఇన్‌పుట్ పంపిన పరికరమే ఇచ్చుకోవాలి. అసైన్‌మెంటులో ఇన్‌పుట్ ఒక ఆదర్శ బ్యాటరీ, ఎంతైనా ఇస్తుంది. కానీ అక్కడ బ్యాటరీ బదులు 10 కిలో ఓమ్‌ల అంతర్గత నిరోధం ఉన్న సెన్సర్ ఉంటే? దాన్ని విడిగా కొలిస్తే 0.5 వోల్టు చూపిస్తుంది. ఇన్వర్టింగ్ సర్క్యూట్‌కు కలిపితే సెన్సర్ నిరోధం 10, మన రెసిస్టర్ 10, మొత్తం 20 కిలో ఓమ్‌లు అడ్డుగా నిలుస్తాయి. కరెంటు 25 మైక్రోఆంపియర్లకు పడిపోయి, అవుట్‌పుట్ మైనస్ 5కి బదులు మైనస్ 2.5 అవుతుంది. ఐసీ మంచిదే, రెసిస్టర్లు మంచివే, రెండో పిన్నూ సున్నా దగ్గరే ఉంటుంది. అయినా గెయిన్ సగం. నాన్-ఇన్వర్టింగ్‌కు అదే సెన్సర్‌ను కలిపితే మూడో పిన్ను దాన్నుంచి దాదాపు ఏమీ తీసుకోదు, 5.5 వోల్టులు పదిలంగా వస్తాయి.

అలాంటి సెన్సర్‌తోనే గుర్తు తిరగబడిన అవుట్‌పుట్ కావాల్సి వస్తే మధ్యలో ఇంకో ఆప్-ఆంప్ పెడతారు. దాని ఆరో పిన్నును తీగతో నేరుగా రెండో పిన్నుకు కలిపేస్తారు, సెన్సర్‌ను మూడో పిన్నుకు ఇస్తారు. నాన్-ఇన్వర్టింగ్ సూత్రంలో Rf స్థానంలో సున్నా వేస్తే గెయిన్ 1. వోల్టేజి పెరగదు, తగ్గదు. తర్వాతి ఇన్వర్టింగ్ మెట్టుకు కావాల్సిన 50 మైక్రోఆంపియర్లను ఇక సెన్సర్ ఇవ్వనక్కర్లేదు, ఈ ఐసీ ఇస్తుంది. అవుట్‌పుట్ మళ్లీ మైనస్ 5 వోల్టులకు చేరుతుంది.