ఆఫీసు దారి ఆఫీసుకే

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు బాగా తెలిసిన ఇబ్బంది ఒకటుంది. వీపీఎన్ కలపగానే ఆఫీసు ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ, మిగతా ఇంటర్నెట్ అంతా నత్తనడకన సాగుతుంది. వీడియో మీటింగులో మాటలు తెగిపోతుంటాయి. అదే ఇంట్లో టీవీలో సినిమా మాత్రం ఆగకుండా ఆడుతుంటుంది. అంటే ఇంటి కనెక్షన్‌కు ఏ జబ్బూ లేదు. ల్యాప్‌టాప్ పట్టిన దారే చుట్టుదారి.

గుంటూరులో కూర్చుని హైదరాబాద్ ఆఫీసుకు పనిచేసే ఉద్యోగిని తీసుకుందాం. వీపీఎన్ కలిసినప్పుడు ల్యాప్‌టాప్‌కూ ఆఫీసులోని వీపీఎన్ సర్వర్‌కూ మధ్య రహస్య లిపిలో నడిచే దారి ఒకటి ఏర్పడుతుంది. దాన్నే టన్నెల్ అంటారు. చాలా ఆఫీసుల్లో ల్యాప్‌టాప్ నుంచి బయల్దేరే ప్రతి సమాచారాన్నీ ఇందులోకే తోసేస్తారు. ఆ ఉద్యోగి మధ్యాహ్నం ఒక వీడియో చూశాడనుకోండి. ఆ కోరిక గుంటూరు నుంచి హైదరాబాద్ ఆఫీసుకు వెళ్తుంది, అక్కడి నుంచి బయటి ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. వీడియో మొదట ఆఫీసుకు వచ్చి, మళ్లీ టన్నెల్ గుండా గుంటూరు చేరుతుంది. ఒకే వీడియో ఆఫీసు లైను మీద లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి ప్రయాణిస్తుంది. వీడియోకు 5 ఎంబీపీఎస్ చొప్పున లెక్కేసుకుంటే, 100 ఎంబీపీఎస్ లైనును నింపడానికి ఇరవై మంది చాలు. ఇక అసలు ఆఫీసు పనికి చోటేదీ?

2020 మార్చిలో లాక్‌డౌన్లతో ఉద్యోగులు ఒక్కసారిగా ఇళ్లకు చేరినప్పుడు ఈ లెక్క ప్రపంచమంతా బయటపడింది. ఎక్కువ వేగం కోరే టీమ్స్ లాంటి సేవల రాకపోకలను టన్నెల్‌లోకి పంపకుండా నేరుగా వదిలేయమని మైక్రోసాఫ్ట్ తన ఖాతాదారులకు సూచించింది. ఆఫీసు లోపలి చిరునామాలకు వెళ్లేది మాత్రం టన్నెల్‌లో, మిగతాదంతా ఇంటి కనెక్షన్ మీద నేరుగా వెళ్లే ఈ ఏర్పాటే స్ప్లిట్ టన్నెలింగ్.

ఇది పనిచేయడానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. ప్రతి కంప్యూటర్‌లోనూ ఏ చిరునామాకు ఏ దారిన పోవాలో చెప్పే పట్టిక ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని రూటింగ్ టేబుల్ అంటారు. మన ఉద్యోగి ఇంట్లో రౌటర్ 192.168.1.1 అనుకుందాం. ఆఫీసు సర్వర్లన్నీ 10.20తో మొదలయ్యే చిరునామాల్లో ఉన్నాయి. స్ప్లిట్ టన్నెలింగ్ పెట్టాక ఆ పట్టికలో రెండు ముఖ్యమైన వరుసలుంటాయి. 0.0.0.0/0, అంటే ఏ చిరునామా అయినా సరే, ఇంటి రౌటర్‌కు పంపమని ఒకటి చెబుతుంది. 10.20.0.0/16కు వెళ్లేది టన్నెల్‌కు పంపమని రెండోది చెబుతుంది. గీత పక్కనున్న 16 అంటే చిరునామాలోని మొదటి 16 బిట్లు, అంటే 10.20 అనే భాగం, కలిస్తే చాలునని అర్థం. అలాంటి చిరునామాలు 65,536.

ఆఫీసు ఫైల్ సర్వర్ 10.20.4.15 ఈ రెండు వరుసలకూ సరిపోతుంది. ఇలాంటప్పుడు కంప్యూటర్ పాటించే నియమం ఒకటే: ఎక్కువ బిట్లు కలిసిన వరుసదే గెలుపు. తపాలా వేరుచేసే గుమాస్తా ‘మిగతా ఊళ్లు’ అన్న సంచీ కంటే ఊరి పేరు రాసి ఉన్న సంచీనే ఎంచుకున్నట్టు, కంప్యూటర్ కూడా /0ను వదిలి /16ను పట్టుకుంటుంది. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి. దీని వల్లే ఈ ఏర్పాటు నడుస్తుంది, దీని వల్లే దెబ్బతింటుంది కూడా.

విండోస్‌లో ఉండే సొంత వీపీఎన్‌కు Office అని పేరు పెట్టుకుని ఉంటే, పవర్‌షెల్‌లో ఈ రెండు ఆదేశాలు సరిపోతాయి:

```
Set-VpnConnection -Name "Office" -SplitTunneling $True
Add-VpnConnectionRoute -ConnectionName "Office" -DestinationPrefix 10.20.0.0/16
```

ఆ తర్వాత వీపీఎన్‌ను ఒకసారి తెంచి మళ్లీ కలపాలి. పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి `tracert -d 8.8.8.8` అని కొడితే, మొదటి మజిలీగా ఇంటి రౌటర్ 192.168.1.1 కనిపించాలి. `Find-NetRoute -RemoteIPAddress 10.20.4.15` అని అడిగితే Office అనే కనెక్షన్ పేరు రావాలి. రెండూ సరిగ్గా వస్తే దారులు విడిపోయినట్టే.

అయినా చాలామందికి ఇక్కడే చిక్కు మొదలవుతుంది. దారులు సరిగ్గా ఉంటాయి, ఆఫీసు ఫైళ్లు మాత్రం తెరుచుకోవు. నా ఉద్దేశంలో స్ప్లిట్ టన్నెలింగ్ కష్టాల్లో ఎక్కువ భాగానికి మూలం ఒకటే. మనం పేర్లతో పని చేస్తాం, పట్టిక అంకెలతో పని చేస్తుంది. files.office.example అని మనం టైపు చేస్తాం. ఆ పేరుకు అంకె ఏమిటో ముందుగా ఒక డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడిగి తెలుసుకోవాలి. అన్నీ టన్నెల్‌లో పోతున్నప్పుడు ఆ ప్రశ్న కూడా ఆఫీసుకే చేరేది. ఇప్పుడది ఇంటి ఇంటర్నెట్ కంపెనీ దగ్గరికి వెళ్తే, ఆఫీసు లోపలి పేరు వాళ్లకేం తెలుస్తుంది? అలాంటి పేరే లేదని జవాబొస్తుంది. అంకె తెలియందే పట్టికను చూసే ప్రసక్తే లేదు. దీన్ని గుర్తుపట్టడం తేలిక. 10.20.4.15 అని అంకెతో కొడితే సర్వర్ పలుకుతుంది, పేరుతో కొడితే పలకదు.

ప్రశ్నలన్నిటినీ ఆఫీసు డీఎన్‌ఎస్‌కే పంపడం ఒక పరిష్కారం. పనైతే జరుగుతుంది. కానీ ఉద్యోగి ఇంట్లో సొంత పనికి ఏయే సైట్ల పేర్లు అడిగాడో అవన్నీ ఆఫీసుకు చేరతాయి. గుంటూరులోనే దగ్గరగా ఉన్న వీడియో సర్వర్ బదులు హైదరాబాద్‌కు దగ్గరున్నది జవాబుగా రావచ్చు కూడా. అంతకంటే మంచి పద్ధతి, దారులను విడదీసినట్టే ప్రశ్నలనూ విడదీయడం. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కులతో ఈ నియమం పెట్టవచ్చు:

```
Add-DnsClientNrptRule -Namespace ".office.example" -NameServers "10.20.0.53"
```

ఆ పేరుతో ముగిసే ప్రశ్నలు మాత్రమే ఆఫీసు డీఎన్‌ఎస్ అయిన 10.20.0.53కు వెళ్తాయి. దీన్ని పరీక్షించేటప్పుడు అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒకచోట పొరబడుతుంటారు. అలవాటుగా nslookup వాడతారు. అది ఈ నియమాన్ని పట్టించుకోకుండా తన దారిన తాను అడుగుతుంది కాబట్టి, అంతా సరిగ్గా ఉన్నా లేదనే చెబుతుంది. `Resolve-DnsName files.office.example` అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. ఫైళ్లు తెరుచుకుంటూ, బ్రౌజర్‌లో మాత్రం ఆఫీసు పేజీ రాకపోతే, బ్రౌజర్ సెట్టింగుల్లో సెక్యూర్ డీఎన్‌ఎస్ ఉందేమో చూడాలి. అది ఉంటే బ్రౌజర్ విండోస్‌ను అడగకుండా నేరుగా బయటి సర్వర్‌నే అడుగుతూ ఉండవచ్చు.

రెండో చిక్కు అంకెలు కలిసిపోవడం. ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికి కేటాయించిన చిరునామాలు మూడు వరుసలే: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి. ఎవరైనా అడగకుండా వాడుకోవచ్చు కాబట్టి, ఎన్నో ఇళ్ల రౌటర్లు 192.168.1 వరుసతోనే అమ్ముడవుతాయి. మన ఉద్యోగి ఆఫీసుకు ఒక పాత బ్రాంచి ఉందనీ, అక్కడి హాజరు సర్వర్ 192.168.1.50 అనీ అనుకుందాం. ఇంటి ల్యాప్‌టాప్ దృష్టిలో ఆ చిరునామా ఇంట్లోదే. అది టన్నెల్ వైపు చూడకుండా ఇంటి వైఫైలోనే 50వ నంబరు ఎవరిదని వెతుకుతుంది. అక్కడ ప్రింటర్ ఉంటే ప్రింటర్ పేజీయే తెరుచుకుంటుంది. ఇందాకటి నియమాన్నే వాడుకుని 192.168.1.50/32 అనే ఒక్క చిరునామా వరుసను టన్నెల్‌కు చేర్చితే హాజరు సర్వర్ దొరుకుతుంది. 32 బిట్లూ కలిసే వరుసను మించింది లేదు కదా. కానీ అప్పుడు ప్రింటర్ అందదు. ఇంటి రౌటర్ సెట్టింగుల్లో వరుసను 192.168.87 లాంటి అరుదైన అంకెకు మార్చుకోవడమే నిలిచే మందు.

ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కాకుండా ఏ క్లౌడ్‌లోనో ఉన్నప్పుడు మరో తంటా వస్తుంది. జీతాల సైటు ఒకటి ఆఫీసు పబ్లిక్ చిరునామా నుంచి వచ్చినవాళ్లనే లోపలికి రానిస్తుందనుకోండి. స్ప్లిట్ పెట్టిన మరుక్షణం ఉద్యోగి ఇంటి చిరునామాతో వెళ్తాడు, సైటు తలుపు తీయదు. ఆ సైటు చిరునామాను కూడా టన్నెల్‌కు చేర్చవచ్చు గానీ, క్లౌడ్ సేవల అంకెలు చెప్పకుండా మారుతుంటాయి. ఇవాళ పనిచేసి వచ్చే వారం ఆగిపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇక భద్రత. కొన్ని ఆఫీసులు స్ప్లిట్ టన్నెలింగ్‌ను ఒప్పుకోవు. అందుకు వాటి కారణాలు వాటికున్నాయి. ఆఫీసు ఫైర్‌వాల్ ఇక ఉద్యోగి చూసే బయటి సైట్లను చూడలేదు, వాటిలోని మోసపు సైట్లను ఆపలేదు. అలా ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన వైరస్‌కు బయటి యజమానితో మాట్లాడే దారి తెరిచే ఉంటుంది, ఆఫీసు సర్వర్లకు దారీ తెరిచే ఉంటుంది. కాబట్టి ఈ నిర్ణయం ఆఫీసు ఐటీ విభాగం తీసుకోవాల్సిందే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పైన చెప్పిన ఆదేశాలు ఎవరికి వారు వాళ్లను అడగకుండా కొట్టకూడదు. ఒప్పుకున్న ఆఫీసులు కూడా ల్యాప్‌టాప్‌లోనే కాపలా సాఫ్ట్‌వేర్‌ను గట్టిగా పెట్టుకోవాలి.

2024 మేలో లెవయథన్ సెక్యూరిటీ పరిశోధకులు టన్నెల్‌విజన్ అనే దాడిని బయటపెట్టారు. వైఫైలో చేరిన ప్రతి యంత్రానికీ చిరునామా ఇచ్చేది డీహెచ్‌సీపీ సర్వర్. అది చిరునామాతో పాటు దారుల వరుసలు కూడా ఇవ్వగలదు. దానికి ఆప్షన్ 121 అని ఒక వీలుంది. హోటల్ వైఫైలో దుర్బుద్ధి గలవాడు ఆ సర్వర్‌గా నటించి, 10.20.4.0/24కు వెళ్లేది తన వైపు పంపమని ఒక వరుస చేర్చాడనుకోండి. 24 బిట్లు 16 కంటే ఎక్కువ. గెలుపు అతని వరుసదే. వీపీఎన్ కలిసే ఉందని తెర మీద గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, ఫైల్ సర్వర్‌కు వెళ్లాల్సింది మాత్రం టన్నెల్ బయట అతని యంత్రానికి వెళ్తుంది. అన్నీ టన్నెల్‌లోకి పంపే వీపీఎన్‌లకు కూడా ఈ ముప్పు ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లు ఆప్షన్ 121ను పట్టించుకోవు కాబట్టి వాటిమీద ఈ దాడి పారదు. విండోస్‌లో అనుమానం వస్తే `route print -4` కొట్టి, 10.20తో మొదలయ్యే వరుసలన్నీ టన్నెల్‌నే చూపుతున్నాయా అని చూడాలి. వాటిలో ఏదైనా హోటల్ రౌటర్ వైపు చూపుతుంటే, వెంటనే ఆ వైఫై వదిలి సొంత ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి, ఆఫీసు ఐటీ వాళ్లకు కబురు చేయాలి.